డ్రిప్పా, స్ప్రింక్లరా? సాళ్ల మధ్య దూరమే తేల్చే లెక్క

డ్రిప్పు సామాన్లు అమ్మే దుకాణానికి వచ్చే చిన్న రైతు మొదట అడిగే మాట ఒకటే: "అన్నా, డ్రిప్పు వేసుకుంటే మేలా, స్ప్రింక్లర్లా?" అనుభవం ఉన్న మెకానిక్ అయితే దానికి వెంటనే జవాబు చెప్పడు. "ఏం పంట పెడతావు? సాలుకీ సాలుకీ ఎంత ఎడం? బోరు గంటకు ఎన్ని నీళ్లు పోస్తుంది?" అని తిరిగి అడుగుతాడు. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏది వేసుకోవాలో దాదాపు తేలిపోయినట్టే. డ్రిప్పు ఇంత శాతం నీళ్లు ఆదా చేస్తుంది, స్ప్రింక్లరు ఇంత శాతం చేస్తుంది అని కరపత్రాల్లో వేసే అంకెలు ఒక పంటకు నిజమైతే ఇంకో పంటకు కావు. టమాటాకు సరిపోయిన లెక్కను కొత్తిమీరకు వర్తింపజేసి చేతులు కాల్చుకున్నవాళ్లు ప్రతి మండలంలోనూ కనబడతారు.

మదనపల్లె, పలమనేరు, ములకలచెరువు వైపు మెట్టప్రాంతంలో మామూలుగా కనిపించే కమతాన్నే తీసుకుందాం. ఎర్రనేల, ఎకరంన్నర పొలం, ఒకటే బోరు. ఎకరాలో టమాటా, మిగతా అరెకరాలో కొత్తిమీర, మెంతి, పాలకూర. జనవరిలో నాటిన టమాటా ఏప్రిల్ దాకా కాపులో ఉంటుంది. అంటే కాయ ఊరే రోజులూ ఎండలు ముదిరే రోజులూ ఒకటే. వ్యవసాయానికి పగటిపూట తొమ్మిది గంటలు కరెంటు. ఆ తొమ్మిది గంటల్లో బోరు పోసే నీళ్లే ఆ రైతుకు ఉన్న ఆస్తి.

అందుకని మొదట కొలవాల్సింది బోరునే. మన రైతులు రెండించుల నీళ్లు, ఇంచున్నర నీళ్లు అని చెబుతారు. కానీ పైపు నిండి పారే రెండించులు వేరు, సగం పారే రెండించులు వేరు. 200 లీటర్ల డ్రమ్ము ఒకటి గొట్టం కింద పెట్టి, సెల్‌ఫోన్‌లో టైము చూసుకుంటే చాలు. డ్రమ్ము రెండు నిమిషాల్లో నిండితే గంటకు 6,000 లీటర్లు. మూడు నిమిషాలు పడితే 4,000 లీటర్లు. మోటారు వేసిన వెంటనే కొలిస్తే లెక్క తప్పుతుంది. రాత్రంతా బోరులో ఊరిన నీరు మొదట ధారగా వస్తుంది, గంట గడిచాక అసలు సంగతి బయటపడుతుంది. కాబట్టి రెండు గంటలు నడిచిన తర్వాత ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొలిచి తక్కువ వచ్చిన అంకెనే పట్టుకోవాలి. మన ఉదాహరణలోని బోరు గంటకు 6,000 లీటర్లు పోస్తుందనుకుందాం.

ఇక పంటకు ఎన్ని నీళ్లు కావాలి? వర్షాన్ని మిల్లీమీటర్లలో కొలిచినట్టే పంట తాగే నీటినీ మిల్లీమీటర్లలోనే లెక్కిస్తారు. ఎకరా నేల మీద ఒక్క మిల్లీమీటరు మందాన నీళ్లు నిలిపితే సుమారు 4,000 లీటర్లు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆకు కమ్మి కాపుమీద ఉన్న టమాటాకు రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా కావాలి. అంటే ఎకరాకు రోజుకు 20,000 లీటర్లు. ఇది మొక్క తాగే నీరు. పొలానికి మనం పెట్టాల్సింది ఇంతకంటే ఎక్కువ, ఎందుకంటే ఏ పద్ధతిలోనూ పెట్టిన నీళ్లన్నీ వేరుకు చేరవు. సరిగ్గా నడిచే డ్రిప్పులో వందకు తొంభై పాళ్లు చేరతాయి, స్ప్రింక్లరులో డెబ్బై అయిదు, బోదెల్లో పారించే నీళ్లలో సగం. ఆ ప్రకారం కాపు ముదిరిన రోజున డ్రిప్పుకు 22,000 లీటర్లు, స్ప్రింక్లరుకు 27,000 లీటర్లు, బోదెలకు 40,000 లీటర్లు కావాలి. మన బోరు మీద మోటారు డ్రిప్పుకైతే నాలుగు గంటలకు కాస్త తక్కువ, స్ప్రింక్లరుకైతే నాలుగున్నర గంటలు, బోదెలకైతే ఆరుంపావు దాటి దాదాపు ఆరుమ్ముప్పావు గంటలు నడవాలి.

ఈ అంకెలు చూస్తే డ్రిప్పుకూ స్ప్రింక్లరుకూ తేడా రోజుకు అయిదు వేల లీటర్లే కదా, దానికోసం అంత ఖర్చు ఎందుకన్న అనుమానం రావడం సహజం. ఆ అనుమానానికి జవాబు కాపురోజుల్లో దొరకదు. నారు నాటిన మొదటి నెలలో దొరుకుతుంది.

టమాటాను నాలుగడుగుల సాళ్లలో నాటుతారు. నాటిన ఇరవై రోజులకు మొక్క అడుగు వెడల్పున గుబురు కడుతుంది. సాలుకూ సాలుకూ మధ్య మిగిలిన మూడడుగులూ వట్టి నేల. డ్రిప్పు ఆ వట్టినేల జోలికి పోదు, మొక్క మొదట్లో అడుగు, అడుగున్నర వెడల్పు పట్టీని మాత్రమే తడుపుతుంది. ఆ వయసు తోటకు ఎకరాకు రోజుకు ఆరేడు వేల లీటర్లు పోస్తే సరిపోతుంది. స్ప్రింక్లరుకు మాత్రం మొక్కా తెలియదు, ఖాళీ నేలా తెలియదు. వాన కురిసినట్టు మొత్తం ఎకరాను తడుపుతుంది. తడిసిన పైమట్టి నుంచి మొదటి రెండు రోజుల్లోనే నీరు ఆవిరైపోతుంది. మిగిలిన తడికి గరిక, తుంగ లేస్తాయి. ఆ నెలంతా స్ప్రింక్లరు కింది తోటకు డ్రిప్పు తోటకంటే రెట్టింపు నీళ్లు పడతాయి, పైగా కలుపు కూలి అదనం. సాళ్ల ఎడం ఎంత ఎక్కువైతే ఈ తేడా అంత పెరుగుతుంది. ఆరడుగుల ఎడంలో పెట్టే సొర, కాకర, బీర పందిళ్లకు ఇంకా ఎక్కువ.

నీళ్ల లెక్కను పక్కన పెట్టినా టమాటాకు స్ప్రింక్లరు పనికిరాదనడానికి ఇంకో గట్టి కారణం ఉంది. ఆకుమాడు తెగులైనా, బాక్టీరియా మచ్చ తెగులైనా ఆకు మీద తడి గంటల తరబడి నిలిస్తేనే అంటుకుంటాయి. పైనుంచి పడే నీటిబొట్టు నేలను తాకి ఎగిరినప్పుడు మట్టిలోని తెగులు బీజాల్ని కింది ఆకుల మీదికి చిమ్ముతుంది. అడుగాకుల మీద గోధుమరంగు మచ్చ, మచ్చలో వలయాలు కనిపించాయంటే తెగులు మొదలైనట్టే. దానికి మందు కొడితే మర్నాడు స్ప్రింక్లరు ఆ మందును కడిగేస్తుంది. మిరపలో కాయకుళ్లు సంగతీ ఇంతే. ఉప్పునీటి బోర్లున్న చోట ఇంకో చిక్కు: ఆకు మీద నీరు ఆరిపోయి ఉప్పు మిగిలి, ఆకు అంచులు మాడిపోతాయి. టమాటా, మిరప, వంగ, పందిరి కూరగాయలకు డ్రిప్పే అని తేల్చి చెప్పడానికి ఇవి చాలు.

మరి పొలమంతా డ్రిప్పే వేసేస్తే సరిపోదా? అరెకరా కొత్తిమీర దగ్గరికి రాగానే ఆ ఆలోచన చెడుతుంది.

డ్రిప్పులో ఖర్చంతా లేటరల్ పైపుల్లోనే ఉంటుంది. 16 మిల్లీమీటర్ల నల్ల పైపు, దాని లోపలే అడుగుకో, అడుగుంపావుకో ఒక డ్రిప్పరు. టమాటాకు నాలుగడుగులకో లైను చొప్పున ఎకరాకు 3,300 మీటర్ల పైపు పడుతుంది. కొత్తిమీర, మెంతి, పాలకూరకు సాళ్ల మధ్య నాలుగడుగులుండవు. మడి నిండా చల్లుతారు, లేదా జానెడు ఎడంతో గీతల్లో వేస్తారు. ఎర్రనేలలో డ్రిప్పరు చుట్టూ తడి పక్కకు పెద్దగా పాకదు, కిందికి దిగుతుంది. మడి అంతా సమంగా తడవాలంటే రెండడుగులకో లైను తప్పదు. అలా వేస్తే అరెకరాకే మళ్లీ అదే 3,300 మీటర్లు కావాలి, అంటే ఎకరా టమాటాకు పట్టినంత. కొత్తిమీర నలభై రోజుల పంట కాబట్టి ప్రతి నలభై రోజులకు ఆ పైపులన్నీ చుట్టి తీసి, దున్ని, మళ్లీ పరవాలి. ఏడాదికి ఏడెనిమిది సార్లు ఈ పని చేస్తే పైపు మడతల దగ్గర చిట్లుతుంది, కూలి ఖర్చు పంట ధరలో కనిపిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది మొలకల దగ్గర వస్తుంది. కొత్తిమీర గింజ అరంగుళం లోతున ఉంటుంది. ఎర్రచెలక నేల తడిసి ఆరితే పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చును మెత్తగా ఉంచాలంటే రోజూ కాసేపు సన్నని తుంపర పడుతుండాలి. డ్రిప్పు కింద లైను వెంబడి ఆకుపచ్చ చారలు, మధ్యలో మొలవని పట్టీలు మిగులుతాయి. పైగా ఆకుకూర పది పదిహేను రోజుల్లోనే మడినంతా కమ్మేస్తుంది. కమ్మాక వట్టినేల అన్నదే ఉండదు కనుక టమాటా తోటలో డ్రిప్పు మిగిల్చిన నీరు ఇక్కడ మిగలదు. నేలంతా పంటే ఉన్నప్పుడు నేలంతా తడిపే పద్ధతే సరైనది. ఉల్లి, క్యారెట్, ముల్లంగి కూడా దాదాపు ఈ కోవలోకే వస్తాయి. క్యాబేజీకి సాయంకాలం తుంపర పెడితే ఇంకో లాభం ఉంది. ఆకుల్ని జల్లెడ చేసే డైమండ్ బ్యాక్ మాత్ రెక్కపురుగులు చీకటిపడే వేళే జతకట్టి గుడ్లు పెడతాయి, ఆ సమయంలో పడే తుంపర వాటి పనిని చెడగొడుతుంది.

అయితే స్ప్రింక్లరు అనగానే వేరుశనగ చేలల్లో తిరిగే పెద్ద నాజిళ్లను ఊహించుకుంటే చిన్న బోరు రైతు దెబ్బతింటాడు. ఆ నాజిలు ఒక్కటే గంటకు సుమారు 1,700 లీటర్లు మింగుతుంది. నలభై అడుగులకొకటి చొప్పున పెట్టాలి. మన 6,000 లీటర్ల బోరు మీద ఒకేసారి మూడే తిరుగుతాయి, అవి తడిపేది పది, పదకొండు సెంట్లు. ఎకరా మొత్తం ఒక తడి అవ్వాలంటే బురదలో దిగి పైపులు తొమ్మిది పదిసార్లు మార్చుకుంటూ రెండు పూర్తి పగళ్లు గడపాలి. వాటికి నాజిలు దగ్గర రెండున్నర నుంచి మూడు కిలోల ప్రెషరు కావాలి, డ్రిప్పరుకు ఒక కిలో చాలు. ఒక కిలో ప్రెషరు అంటే నీటిని పది మీటర్ల ఎత్తుకు తోసే బలం. అంటే డ్రిప్పుతో పోలిస్తే పెద్ద స్ప్రింక్లరు కోసం మోటారు అదే నీటిని మరో యాభై అడుగుల లోతు నుంచి తోడినంత కష్టపడాలి.

ప్రెషరు చాలిందో లేదో నిలబడి చూస్తేనే తెలుస్తుంది. చాలనప్పుడు నీరు తుంపరగా విడిపోదు, లావు చుక్కలుగా దూరంగా ఒక వలయంలో పడుతుంది. నాజిలుకూ వలయానికీ మధ్య నేల పొడిగా మిగులుతుంది. ఆ లావు చుక్కలే లేత మొలకల్ని వంచేస్తాయి, నేలను చదును చేసి పెచ్చు కట్టిస్తాయి. ప్రెషరు మరీ ఎక్కువైతే నీరు పొగమంచులా లేచి గాలికి పక్క పొలానికి పోతుంది.

చిన్న బోరుకు తగినవి మినీ స్ప్రింక్లర్లు. ఒక్కోటి గంటకు 500 లీటర్లు, దాదాపు ఇరవై ఆరడుగులకొకటి, ఒకటిన్నర నుంచి రెండు కిలోల ప్రెషరు. అరెకరాకు ముప్పై తలలు పడతాయి. మన బోరు మీద ఒక విడతకు పన్నెండు తిప్పవచ్చు కనుక మడిని మూడు భాగాలు చేస్తే సరి. గంటకు ఎనిమిది మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వాన కురిసినంత నీరు పడుతుంది. ఎండ ముదిరిన రోజున ఒక్కో భాగానికి యాభై నిమిషాలు, మొత్తం రెండున్నర గంటలు. ఎర్రనేల ఈ వేగాన్ని తాగేస్తుంది. నల్లరేగడి తాగలేదు, తడిసి ఉబ్బాక అందులోకి నీరు చాలా నెమ్మదిగా ఇంకుతుంది. అక్కడ ఇరవై నిమిషాల చొప్పున విడతలుగా ఇవ్వాలి. మడి పల్లంలో నీరు మెరుస్తూ నిలిచిందంటే ఆపేయాల్సిన సమయం దాటిపోయినట్టే. గాలి లేని వేకువన పెట్టుకుంటే ఆవిరయ్యేదీ కొట్టుకుపోయేదీ తగ్గుతుంది, ఆకు పొద్దెక్కగానే ఆరిపోతుంది. మధ్యాహ్నం ఎండలో, వడగాలిలో పెడితే ముందు చెప్పుకున్న డెబ్బై అయిదు పాళ్లు కూడా నేలకు చేరవు.

రెయిన్ పైపు అనే చవక పద్ధతి కూడా ఈమధ్య ఊళ్లలో బాగా కనిపిస్తోంది. చుట్టలుగా దొరికే మెత్తని పైపుకు సన్నని చిల్లులుంటాయి, నీరు వదిలితే రెండువైపులా చిమ్ముతుంది. అరెకరాకు పది వేల లోపే అయిపోతుంది. ప్రెషరు కూడా తక్కువే చాలు. కాకపోతే పైపు మొదట్లో ఎక్కువగా, చివర్లో తక్కువగా చిమ్మడం దానికి పుట్టుకతో వచ్చిన లోపం. రెండు మూడు పంటలకు చిల్లులు పెద్దవై తేడా ఇంకా పెరుగుతుంది. ఆకుకూరలు మొదలుపెట్టి చూడాలనుకునేవారికి అది ఫరవాలేదు, ఏళ్ల తరబడి పండించేవారికి కాదు.

డబ్బు లెక్కకు వద్దాం. ధరలు ఊరినీ కంపెనీనీ బట్టి మారతాయి కాబట్టి ఇవి సుమారు అంకెలే. ఎకరా టమాటాకు 3,300 మీటర్ల లేటరల్, మీటరు పది రూపాయల లెక్కన 33,000. ఫిల్టరు, ఎరువు కలిపి పంపే వెంచురి, మెయిన్ పైపు, సబ్‌మెయిన్లు, వాల్వులు, కాలువ తవ్వి పూడ్చే కూలి కలిపి ఇంకో 20,000 నుంచి 25,000. మొత్తం 53,000 నుంచి 58,000 దాకా అవుతుంది. అరెకరా మినీ స్ప్రింక్లర్లకు 15,000 నుంచి 25,000. రెండూ ఒకే ఫిల్టరు, ఒకే మెయిన్ పైపు మీద నడుస్తాయి కనుక కలిపి వేయించుకుంటే కొంత తగ్గుతుంది. సామగ్రి ఏడేళ్లు నిలిచిందనుకుంటే, సబ్సిడీ లేకుండానే టమాటా డ్రిప్పుకు ఏడాదికి ఎనిమిది వేలు పడినట్టు. ఏడాదికి రెండు పంటలు తీస్తే పంటకు నాలుగు వేలు. కలుపు కూలిలో ఒక విడత తప్పినా అందులో మంచి భాగం తిరిగొస్తుంది.

సబ్సిడీ ఉంటే రైతు చేతి నుంచి పడేది ఇంకా తక్కువ. 1990ల చివర్లో కుప్పంలో ఇజ్రాయెల్ సంస్థ సాయంతో డ్రిప్పు ప్రదర్శన క్షేత్రాలు నడిచాయి. 2003లో సూక్ష్మసేద్యానికి ప్రత్యేకంగా ఒక ప్రాజెక్టు ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. ఇప్పుడు కేంద్ర పథకం కింద చిన్న, సన్నకారు రైతుకు యూనిట్ ఖర్చులో 55 శాతం, ఇతరులకు 45 శాతం అందుతుంది. దాని మీద రాష్ట్రాలు తమ వాటా కలుపుతాయి. అలా ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ చిన్న రైతుకు డ్రిప్పు మీద 90 శాతం దాకా, ఎస్సీ, ఎస్టీ రైతులకు అంతకు మించీ అందుతూ వచ్చింది. స్ప్రింక్లర్లకు శాతం తక్కువ. నిధుల్ని బట్టి ఇవి ఏడాదికేడాదికి మారతాయి కనుక దరఖాస్తు పెట్టే ముందు రైతు సేవా కేంద్రంలోనో ఉద్యానశాఖ కార్యాలయంలోనో కనుక్కోవాలి.

ఇక్కడ రైతు గమనించాల్సిన విషయం ఒకటుంది. సబ్సిడీ శాతాన్ని కట్టేది ప్రభుత్వం నిర్ణయించిన యూనిట్ ఖర్చు మీద, దుకాణం బిల్లు మీద కాదు. లైన్లు దగ్గరగా పెంచినా, డ్రిప్పర్లు ఎక్కువ కోరినా పైన పడేదంతా రైతుదే. జీఎస్టీ కూడా చాలాచోట్ల రైతు వాటాలోనే కలుస్తుంది. డ్రిప్పు, స్ప్రింక్లరు సామగ్రి మీద అది 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఒకసారి సబ్సిడీ తీసుకున్న పొలానికి మళ్లీ దొరకాలంటే ఏడేళ్లు ఆగాలి. కాబట్టి పైపు నాణ్యత మీద రాజీపడితే నాలుగో ఏట మొత్తం ఖర్చు సొంతంగా పెట్టుకోవాల్సి వస్తుంది. లేటరల్ మీద ఐఎస్ఐ గుర్తు, దాని పక్కన ఐఎస్ 13488 అన్న అంకె అచ్చై ఉందో లేదో చుట్ట విప్పించి చూసుకోవాలి.

డ్రిప్పు వేయించిన రెండో ఏటికే "నీళ్లు సరిగ్గా పడటం లేదు" అని పీకి గట్టు మీద పడేసిన పైపులు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. తప్పు సాధారణంగా పైపుది కాదు, కడగకపోవడానిది. డ్రిప్పరు లోపలి నీటిదారి గుండుసూది మందాన ఉంటుంది. బోరులోంచి వచ్చే సన్న ఇసుక, తొట్టిలో పెరిగే నాచు, నీటిలో కరిగి వచ్చే సున్నం, ఈ మూడూ దాన్ని మూసేస్తాయి. ఇసుక పోసే బోరుకు హైడ్రోసైక్లోన్ ఫిల్టరు, తొట్టి లేదా కుంట నుంచి తోడే నీటికి ఇసుక ఫిల్టరు, అన్నిటికీ చివర జాలీ లేదా డిస్క్ ఫిల్టరు ఉండాలి. ఫిల్టరుకు ముందొకటి, వెనకొకటి ప్రెషరు మీటర్లుంటాయి. రెండింటి మధ్య తేడా అర కిలో చేరిందంటే ఆ రోజే విప్పి కడగాలి. లేటరళ్ల చివరి బిరడాలు పదిహేను రోజులకోసారి విప్పి నీటిని వదలాలి. మొదట ఎర్రగా, బురదగా వచ్చి తేట పడేదాకా ఆగాలి.

డ్రిప్పర్లు మూసుకుపోతున్నాయా లేదా అన్నది మొక్క వాడేదాకా ఆగకుండానే తెలుసుకోవచ్చు. గంటకు రెండు లీటర్ల డ్రిప్పరు మూడు నిమిషాల్లో సరిగ్గా 100 మిల్లీలీటర్లు పోయాలి. టీ గ్లాసులు నాలుగు తీసుకుని పొలం మొదట్లో, మధ్యలో, చివర్లో డ్రిప్పర్ల కింద మట్టి తీసి గ్లాసు దించి, మూడు నిమిషాలు పట్టి, మందు కొలిచే సీసాలో పోసి చూడాలి. పొలం అంతటా 90కి పైనే వస్తే బాగున్నట్టు. చివరి లైన్లలో మాత్రమే తగ్గితే ప్రెషరు చాలడం లేదు, అంటే ఒకేసారి ఎక్కువ వాల్వులు తెరిచారు. అక్కడొకటి ఇక్కడొకటి తగ్గితే మూసుకుపోతున్నట్టు. డ్రిప్పరు నోటి దగ్గర తెల్లగా పొలుసు కట్టి ఉంటే అది సున్నం.

సున్నానికి విరుగుడు యాసిడ్. పంట తీసేశాక హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను వెంచురి ద్వారా కొద్దికొద్దిగా పంపి, చివరి డ్రిప్పరు దగ్గర పీహెచ్ కాగితం 4 చూపించాక మోటారు ఆపి, ఇరవైనాలుగు గంటలు పైపుల్లో ఉంచి మర్నాడు బిరడాలు విప్పి కడిగేయాలి. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. నీటిలో యాసిడ్ పోయాలి గానీ యాసిడ్‌లో నీరు పోయకూడదు. నాచుకు వాడే బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో ఎప్పుడూ కలపకూడదు, కలిస్తే ఊపిరాడనివ్వని విషవాయువు వస్తుంది. ఎరువుల్లో కూడా డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ సరిగ్గా కరగవు, డ్రిప్పులో పోయకూడదు. కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం ఎరువుతో ఒకే తొట్టిలో కలిపితే తెల్లటి మడ్డి దిగి డ్రిప్పర్లలో గట్టిపడుతుంది.

డ్రిప్పు ఉన్నంత మాత్రాన నీరు ఆదా అవదన్నది చాలామంది ఒప్పుకోని నిజం. కరెంటు ఉచితం కాబట్టి మోటారు ఆపాలని గుర్తుండదు. నేల పైన తడి కాస్తే కనిపిస్తుంది కాబట్టి చాలలేదేమోనని ఇంకో గంట వదులుతారు. దీనికి గునపం ఒక్కటే సాక్షి. నీరు ఆపిన కొన్ని గంటల తర్వాత రెండు మొక్కల మధ్య అడుగున్నర లోతు తవ్వి చూడాలి. టమాటా వేళ్లలో ఎక్కువ భాగం ఆ పై అడుగున్నరలోనే ఉంటాయి. అక్కడి మట్టి పిడికిట్లో ముద్దవుతూ, నీరు కారకుండా ఉంటే సరిపోయినట్టు. ఇంకా కింద కూడా బురదగా ఉంటే యూరియా, పొటాష్ కూడా ఆ నీటితో పాటు వేరుకు అందకుండా దిగిపోతున్నట్టే.

ఉప్పునీటి బోర్ల కింద ఇంకో ప్రమాదం ఉంది. డ్రిప్పు తడిపే పట్టీ అంచున ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. ఎండాకాలం చివర చిన్న జల్లు పడగానే రైతు డ్రిప్పు ఆపేస్తాడు, ఆ జల్లు అంచునున్న ఉప్పును మొక్క మొదట్లోకి తోస్తుంది, రెండు రోజుల్లో తోట వాడిపోతుంది. వాన గట్టిగా పడి నేల బాగా తడిసేదాకా డ్రిప్పు నడుపుతూ ఉండాలి.

ఇప్పుడు మన ఎకరంన్నరకు ఒక రోజు పట్టిక వేయవచ్చు. టమాటాలో డ్రిప్పర్లన్నీ కలిపి గంటకు 16,500 లీటర్లు పోస్తాయి, బోరు ఇచ్చేది 6,000. కనుక మూడు భాగాలు, ఒక్కోదానికి గంటా ఇరవై నిమిషాలు, మొత్తం నాలుగు గంటలు. ఆకుకూరకు రెండున్నర గంటలు, అది కరెంటు వచ్చిన వెంటనే. మొత్తం ఆరున్నర గంటల్లో పని అయిపోయి రెండున్నర గంటలు మిగులుతాయి. చాలామంది ఆ మిగులు చూసి పక్కనున్న బీడును కూడా టమాటా చేసేస్తారు. అలా చేస్తే రైతు రాబడి పెరగవచ్చు గానీ భూగర్భ జలానికి దక్కేదేమీ ఉండదు. బోదెల్లో పారించిన రోజుల్లో కిందికి ఇంకి మళ్లీ బోరుకే చేరిన కొంత నీరు కూడా డ్రిప్పు వచ్చాక ఆగిపోతుంది కనుక, విస్తీర్ణం పెంచిన చోట బోర్లు ముందుకంటే త్వరగా అడుగంటే అవకాశమే ఎక్కువ. ఆ రెండున్నర గంటల్ని ఏప్రిల్ కోసం దాచుకోవడమే తెలివైన పని.

ఎందుకంటే ఏప్రిల్‌లో డ్రమ్ము మూడు నిమిషాలకు గానీ నిండదు. బోరు 4,000 లీటర్లకు పడిపోతే 5,500 లీటర్లు అడిగే భాగానికి ప్రెషరు అందక చివరి లైన్లు ఎండుతాయి. అందుకే డ్రిప్పు వేయించేటప్పుడే టమాటాను మూడు భాగాలుగా కాక ఆరుగా విడగొట్టించి, ఆరు వాల్వులు పెట్టించుకోవాలి. నీళ్లున్నంత కాలం రెండేసి తెరుస్తారు. తగ్గినప్పుడు ఒక్కోటి తెరిచి, మిగులు నీటిని బైపాస్ ద్వారా తొట్టిలోకి వదులుతారు. అప్పుడు ఆరు భాగాలకూ కలిపి ఎనిమిది గంటలు పడుతుంది, తొమ్మిది గంటల కరెంటులో అది సరిపోతుంది. ఆ నెలన్నర కొత్తిమీర విత్తడం మానుకోవాలి. నలభై రోజుల పంటను ఒక విడత వదులుకోవచ్చు, కాయ మీదున్న టమాటాను వదులుకోలేరు. అదనంగా పడే మూడు వాల్వుల ఖర్చు, మొత్తం డ్రిప్పు ఖర్చులో చాలా చిన్న భాగం.